"14 రాత్రి 12:30" అంటే ఏ రాత్రి?

కరీంనగర్ గుమాస్తా: మా రాళ్లు ఎక్కాల్సిన ఓడ కాకినాడకు ఎప్పుడు వస్తుందని అడిగితే ఏజెంటు ETA 14/1900Z అని పంపాడు. నేను "14 రాత్రి 7 గంటలు" అని లారీల వాళ్లకు రాశాను. తప్పని తెలిసి "14 రాత్రి 12:30" అని సరిదిద్దాను. ఒక డ్రైవరు 13వ తేదీ రాత్రే రేవు గేటు దగ్గరకు చేరి రోజంతా పడిగాపులు కాశాడు. తెలుగులో దీన్ని ఎలా రాయాలి?

హనుమకొండ మాస్టారు: తప్పు మీది కాదు, వాడుకది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. అర్ధరాత్రి దాటినా మనకు అది 14 రాత్రే. క్యాలెండరులో మాత్రం 15 వచ్చేసింది. మీరు పంచాంగం లెక్కన రాశారు, డ్రైవరు క్యాలెండరు లెక్కన చదివాడు.

జనగామ సభ్యుడు: ఏజెంటు రాసిన ఆ Z అంటే యూటీసీ, ప్రపంచమంతా లెక్కకు పట్టుకునే సమయం. అది లండన్ సమయమే కదా. ఫోనులో లండన్ గడియారం పెట్టుకుంటే సరి.

ఓడల్లో పనిచేసి వచ్చిన వరంగల్ సభ్యుడు: చలికాలంలో సరిపోతుంది. వేసవిలో లండన్ గడియారం గంట ముందుకు జరుగుతుంది, యూటీసీ జరగదు. చివర Z ఉంటే 5:30 కలపండి, అంతే. 1900కు కలిపితే 15వ తేదీ 00:30. యూటీసీలో 18:30 దాటిన ప్రతి సమయానికీ మన దగ్గర తేదీ మారిపోతుంది. గుమాస్తాలు తడబడేది అక్కడే. రేవు నోటీసులో LT అని ఉంటే అది ఆ రేవు గడియారమే, మళ్లీ కలపకూడదు.

గుమాస్తా: ఓడల జాడ చూపే సైటులో ఇంకో సమయం కనిపించింది సార్.

వరంగల్ సభ్యుడు: ఆ సైటు చూపేది ఓడ నుంచి వచ్చే సంకేతం. అందులో చేరే సమయానికి నెల, తేదీ, గంట, నిమిషం ఉంటాయి, సంవత్సరం ఉండదు. యూటీసీలో ఉండాలని నియమం. కానీ ఓడలోని అధికారి చేత్తో కొట్టేది అది. కొందరు స్థానిక సమయం కొడతారు, కొందరు పాతది మార్చడమే మరుస్తారు. రెండు చోట్లా తేడా సరిగ్గా అయిదున్నర గంటలైతే ముందు గడియారాన్నే అనుమానించండి. మూడు గంటల పది నిమిషాలో మరొకటో అయితే ఓడ నిజంగా ఆలస్యమై ఉండవచ్చు.

మంచిర్యాల సభ్యురాలు: మా అబ్బాయి దుబాయిలో ఉంటాడు. గంటన్నర తేడా అని తెలిసీ రోజూ నా నిద్ర చెడగొడతాడు.

మాస్టారు: అమ్మా, వాడు ఓడ కాదు, ఆలస్యంగానైనా పలకరిస్తున్నాడు. అసలు మాటకు వస్తే, "స్థానిక సమయం" కంటే "రేవు సమయం" అంటే నయం.

జనగామ సభ్యుడు: మా ఊళ్లో రేవంటే చాకిరేవే గుర్తొస్తుంది మాస్టారూ!

వరంగల్ సభ్యుడు: పైగా ఏ రేవు? ఈ రాళ్లు చైనాలో షియామెన్‌కు పోతే అక్కడి గడియారం యూటీసీకి 8 గంటలు ముందు. ఊరి పేరు రాయక తప్పదు.

గుమాస్తా: అయితే "14 ఆదివారం రాత్రి తెల్లవారితే 15 సోమవారం, 00:30, కాకినాడ సమయం" అని రాయనా?

మాస్టారు: "తెల్లవారితే" బాగుంది. 00:30 మాత్రం నా కంటికి ఆనడం లేదు.

వరంగల్ సభ్యుడు: డ్రైవరు కంటికి ఆనితే చాలు సార్.