అప్‌డేట్: అపెండిక్స్ దగ్గరి ఎర్ర మచ్చ సంగతి తేలింది

నేను అడిగింది: "కొలనోస్కోపీలో ఎడమవైపు పెద్దపేగంతా ఎర్రగా ఉంది, తర్వాత బాగుంది, మళ్లీ అపెండిక్స్ దగ్గర ఒక ఎర్ర మచ్చ. అక్కడక్కడా ఉంటే క్రోన్స్ అనే పేగు జబ్బు అంటారు కదా, నాది అదేనా?"

కాదు, నాది అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. బయాప్సీ రిపోర్టు వచ్చాక డాక్టర్‌గారు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించారు. బాగున్న చోట లోపలి పొర లేత గులాబీ రంగులో మెరుస్తోంది, దాని కింద సన్నటి రక్తనాళాలు చెట్టుకొమ్మల్లా కనిపిస్తున్నాయి. జబ్బున్న చోట ఆ కొమ్మల జాడే లేదు, ఎందుకంటే పొర వాచిపోయి వాటిని కప్పేసింది, పైన గరుకుగా ఉండి స్కోప్ తగిలితే చాలు రక్తం వస్తోంది. ఈ ఎరుపు పురీషనాళం నుంచే మొదలై, మధ్యలో వేలెడు చోటు కూడా వదలకుండా పైకి పాకి, ప్లీహం దగ్గరి వంపులో గీత గీసినట్టు ఆగింది. క్రోన్స్‌లో అయితే పుండ్ల మధ్య మంచి పొర మిగులుతుంది, పురీషనాళం చాలాసార్లు బాగానే ఉంటుంది.

మరి ఆ మచ్చ? ఎడమవైపు కొలైటిస్ ఉన్న కొందరిలో అపెండిక్స్ ద్వారం చుట్టూ ఇలా విడిగా ఎర్రబడుతుందట, అదొక్కటే చూసి క్రోన్స్ అనరు. నా చిన్నపేగు చివరి భాగం శుభ్రంగా ఉంది, బాగున్న చోట్ల నుంచి కూడా ముక్కలు తీశారు, క్రోన్స్‌లో కొందరికి కనిపించే గ్రాన్యులోమాలు అనే కణాల గుంపులు ఎక్కడా లేవు. (అవి లేనంత మాత్రాన క్రోన్స్ కాదని చెప్పలేం, అన్నీ కలిపి చూశారు.)

ఇంకొకటి, ఎనిమా మందు వాడాక స్కోపీ చేస్తే పురీషనాళం అక్కడక్కడా మానిపోయి క్రోన్స్‌లా కనిపించొచ్చు. నాకు మందు మొదలుపెట్టకముందే చేశారు కాబట్టి ఆ తికమక రాలేదు. ఇప్పుడు పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు, రాత్రి ఎనిమా మొదలయ్యాయి.