అప్‌డేట్: ఆ బూట్లు నూబక్‌వే

నేను అడిగింది: "గోధుమరంగు బూట్ల తోలు నూగుగా ఉంది. స్వేడా, నూబకా ఎలా తెలుస్తుంది? పాలిష్ వేయొచ్చా?"

నూబక్ అని తేలింది. ఎండలో దగ్గరగా చూస్తే నూగు చాలా పొట్టిగా ఉంది, దాని మధ్య వెంట్రుకల రంధ్రాల గుర్తులు సన్నగా కనిపించాయి. నూబక్ అంటే తోలు పైపొరనే గరుకు కాగితంతో సన్నగా రుద్దింది, అందుకే ఆ గుర్తులు మిగులుతాయి. స్వేడ్‌లో నూగు వచ్చేది మాంసం వైపు నుంచి లేదా చీల్చిన లోపలి పొర నుంచి. అక్కడ రంధ్రాలు ఉండవు, నూగు కూడా పొడుగు.

బాగా రుద్దిన నూబక్‌లో రంధ్రాలు చెరిగిపోవచ్చు. అప్పుడు లైనింగ్ లేని నాలుక వెనక్కి తిప్పి చూడండి: అటువైపు నునుపుగా ఉంటే అది తిరగేసి కుట్టిన స్వేడ్.

మైనపు పాలిష్ మాత్రం వద్దు, నూగు అణిగి మచ్చలు పడతాయి. నేను మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, నూబక్ స్ప్రే కొట్టాను.