ఎస్‌ఎస్‌డీ ఆన్‌లైన్‌లో కొనాలా, షాపులోనే వేయించాలా?

పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాలండీ. వాడే పెద్దాయనకు కంప్యూటర్ అంతగా రాదు, బడ్జెట్ కూడా తక్కువే. ఇప్పుడున్నది 2.5 అంగుళాల సాటా డిస్కు. అందులో నిండింది 120 జీబీయే కాబట్టి 256 జీబీ చాలు.

ఆన్‌లైన్‌లో చవకే. కానీ పొరపాటున ఎం.2 రకం ఆర్డర్ చేస్తే ఆ స్లాటులో పట్టదు. పైగా విండోస్‌ను కొత్తదానిలోకి క్లోన్ చేయాలంటే యూఎస్‌బీ-సాటా కేబుల్ కూడా కొనాలి. అదే షాపులో అయితే ఫొటోలు పోకుండా వాళ్లే మార్చిపెడతారు. అక్కడ భయమల్లా వాడేసిన డిస్కు అంటగడతారేమోనని. CrystalDiskInfo అనే ప్రోగ్రామ్ తెరిచి, డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చెప్పే Power On Hours వందల్లో ఉంటే అది కొత్తది కాదని తెలుస్తుంది, అది మాత్రం నేను చూడగలను.

డిస్కు ఆన్‌లైన్‌లో కొని, బిగింపు, క్లోనింగ్ కూలి మాత్రం షాపుకిస్తే మేలా? తర్వాత డిస్కు చెడిపోతే షాపువాళ్లు పట్టించుకుంటారా? అలా చేయించినవాళ్లు చెప్పగలరా?