రాత్రి మెలకువలు: అమ్మకు రాసిన ఉత్తరం, మీకూ ఇదే ప్రశ్న

అమ్మా, పాప రాత్రంతా రెండేసి గంటలకు లేస్తోంది. పాలు తాగుతూ నా చేతి మీదే నిద్రపోతుంది, పక్క మీద పడుకోబెట్టగానే కళ్లు తెరుస్తుంది. పిడికిలి విడి, చెయ్యి వదులుగా వేలాడేదాకా ఆగితే కొన్నిసార్లు లేవదు. కానీ అంతసేపు కుర్చీలో కూర్చుంటే నాకే కునుకు పడుతోంది. పాప ఒళ్లో ఉండగా అది ఎంత ప్రమాదమో తలచుకుంటేనే భయం. నిద్రలో మూలిగి, మెలికలు తిరిగితే వెంటనే ఎత్తుకోవాలా, కాసేపు చూడాలా? నిజమైన మెలకువను నువ్వెలా పోల్చుకునేదానివి? నాన్నను ఎప్పుడు లేపేదానివి?

ఈ ఉత్తరం అమ్మకు పంపుతున్నాను. పసిపిల్లల్ని పెంచినవారు మీరూ చెప్పండి: పాలివ్వడం తప్ప మిగతా రాత్రి పనులు ఇంట్లో ఎవరికి, ఎలా అప్పగించారు?