హెచ్‌ఐ పరీక్షలో ఒసెల్టమివిర్ కలిపితే వైరస్ టైటర్ పడిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎంఎస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు చేస్తున్నాను. మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను.

వైరస్ హెచ్3ఎన్2, ఎండీసీకే కణాల్లో మూడో పాసేజ్. గినీ పిగ్ ఎర్ర రక్తకణాలు 0.75 శాతం, యు-అడుగు ప్లేట్, గంటసేపు ఉంచుతున్నాను. సీరానికి ఆర్‌డీఈ రాత్రంతా 37 డిగ్రీల దగ్గర, తర్వాత 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. అయినా పాజిటివ్ కంట్రోల్ సీరం 1:10 దగ్గర కూడా అగ్లుటినేషన్‌ను ఆపడం లేదు. వెల్ అడుగున రక్తకణాల వలయం రావాల్సిన చోట పల్చటి పొరే పరుచుకుంటోంది.

సీరం మార్చాను, ఆర్‌డీఈ కొత్తది తెచ్చాను. లాభం లేదు. చివరికి అనుమానం న్యూరమినిడేజ్ మీదకి వెళ్లింది. కణాల్లో పెంచినప్పుడు డీ151జీ లాంటి మార్పు వస్తే, సియాలిక్ ఆమ్లాన్ని కత్తిరించాల్సిన ఆ ఎంజైమే దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు యాంటీబాడీలు హీమాగ్లుటినిన్ తలను మూసేసినా రక్తకణాలు అతుక్కునే ఉంటాయి. నిజంగా రక్షణ ఉన్న సీరం కూడా పనికిరానిదిగా కనిపిస్తుంది, నా టెన్షన్ అదే.

అందుకే 20 నానోమోలార్ ఒసెల్టమివిర్ కార్బాక్సిలేట్ కలిపాను (క్యాప్సూల్ మందు కాదు, పనిచేసే రూపమే). అది న్యూరమినిడేజ్ గుంటలో కూర్చుని ఆ పట్టును విడిపిస్తుంది. వెంటనే వైరస్ హెచ్‌ఏ టైటర్ 32 నుంచి 4కి పడిపోయింది. అంటే ఇంతకాలం నేను చూసిన అగ్లుటినేషన్‌లో ఎక్కువ భాగం హీమాగ్లుటినిన్‌ది కాదన్నమాట. 25 మైక్రోలీటర్లకు 4 యూనిట్లు కావాలంటే 50 మైక్రోలీటర్లకు 8 ఉండాలి, నా దగ్గర అంత లేదు.

మళ్లీ ఎండీసీకేలో పెంచితే ఆ మార్పు ఇంకా పెరుగుతుందేమోనని భయం. ఇలాంటి స్థితిలో మీరైతే మొదటి పాసేజ్ స్టాక్ నుంచి ఎండీసీకే-సియాట్1 కణాల్లో తిరిగి పెంచుతారా, లేక హెచ్‌ఐ వదిలేసి న్యూట్రలైజేషన్ పరీక్షకు వెళ్తారా?