సగం అర్హతలే ఉన్నప్పుడు దరఖాస్తు చేయడం సబబేనా?

కొత్త విశ్లేషకుడు (ప్రశ్న)

డేటా అనలిస్టు ఉద్యోగానికి ఒక ప్రకటన చూశాను. అందులో 12 అర్హతలు అడిగారు, నాకు కచ్చితంగా ఉన్నవి 6. మూడేళ్ల అనుభవం కావాలన్నారు, నాకున్నది 14 నెలలే. దరఖాస్తు చేయాలా, లేక అది వాళ్ల సమయమూ నా సమయమూ వృథా చేయడమేనా?

తెగించి పంపేవాడు

తప్పకుండా చేయండి, వెనకాడకండి. మగవారు 60 శాతం అర్హతలుంటే చాలు దరఖాస్తు పెడతారనీ, ఆడవారు 100 శాతం ఉంటే తప్ప పెట్టరనీ హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ పరిశోధనలో తేలింది. ధైర్యం చేసినవారికే ఉద్యోగాలు దక్కుతున్నాయని దీని అర్థం. నేను ఇప్పుడున్న ఉద్యోగానికి ముందు 40 చోట్లకు పంపాను, వాటిలో సగానికి పైగా నాకు పూర్తి అర్హత లేనివే. ఒక్కచోట పిలిచారు, అక్కడే చేరాను. పంపినంత మాత్రాన పోయేదేమీ లేదు.

దరఖాస్తులు వడపోసే సభ్యురాలు

నియామకాల విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి పై మాటలో ఒక సవరణ చెప్పాలి. ఆ 60, 100 అంకెలు ఆ సంస్థ అంతర్గత నివేదికలోనివిగా ప్రచారంలోకి వచ్చాయే తప్ప, ఎవరైనా తిరిగి పరిశీలించడానికి వీలైన అధ్యయనంగా కాదు. వాటి వెనుక ఉన్నది ధైర్యం లేకపోవడమేనా అన్న సందేహంతో రచయిత్రి తారా సోఫియా మోర్ వెయ్యి మందికి పైగా స్త్రీ పురుషులను అడిగి, 2014లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. దరఖాస్తు మానుకున్న స్త్రీ పురుషులిద్దరూ ఎక్కువగా చెప్పిన కారణం, అడిగిన అర్హతలు లేవు కనుక ఎలాగూ తీసుకోరన్న నమ్మకమే. అంటే వారు తమ సామర్థ్యాన్ని శంకించలేదు, ప్రకటనలోని జాబితాను మార్చడానికి వీల్లేని నిబంధనగా చదివారు.

ఆ జాబితా ఎలా తయారవుతుందో దగ్గరగా చూశాను. ఒకసారి ఒక జట్టు పెద్ద నాకు 11 అంశాలు పంపారు. కూర్చుని ఒక్కొక్కటే అడిగితే, అందులో 5 అంశాలు వెళ్లిపోయిన ఉద్యోగి నాలుగేళ్లలో అక్కడే నేర్చుకున్నవి, 2 అంశాలు పక్క విభాగం వారు చేర్చమన్నవి, 1 పాత ప్రకటన నుంచి అలాగే వచ్చినది. "మూడే ఉంచమంటే ఏవి ఉంచుతారు?" అని అడిగితే ఆయన ఆలోచించకుండానే మూడు చెప్పారు. ప్రకటన మాత్రం 11 అంశాలతోనే వెళ్లింది. చివరికి చేరిన మనిషికి వాటిలో 6 ఉన్నాయి, ఆ మూడూ అందులోనే ఉన్నాయి.

కాబట్టి 12లో 6 అన్న లెక్క ఒక్కటే చెబితే నేను అవుననీ కాదనీ చెప్పలేను. ప్రకటనలో "చేయవలసిన పనులు" అన్న భాగం ఉంటుంది. దాన్నీ, మీకు లేని ఆరింటినీ ఇక్కడ పెట్టండి.

పరిశీలనలో ఆగిపోయిన అభ్యర్థిని

దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. రాతపరీక్షలో నాకు మంచి ర్యాంకు వచ్చింది. ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్తే, నా డిగ్రీ ఫలితాలు దరఖాస్తు గడువు ముగిసిన 9 రోజుల తర్వాత వెలువడ్డాయని పక్కన పెట్టేశారు. చివరి తేదీ నాటికి అర్హత ఉండాలని నోటిఫికేషన్‌లోనే ఉంది, నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒక ఏడాది చదువు అలా పోయింది. ఒక్క అర్హత తక్కువైనా ఎవరూ వినరు, సగమంటే ఇక చెప్పేదేముంది?

దరఖాస్తులు వడపోసే సభ్యురాలు

మీకు జరిగిన నష్టం పెద్దది, దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే ప్రశ్న అడిగినవారిది అలాంటి నియామకం కాదు. చట్టమో నిబంధనావళో అర్హతను నిర్ణయించినచోట, అంటే రిజిస్ట్రేషన్ లేనిదే వైద్యం చేయకూడని చోట, లైసెన్సు లేనిదే బండి నడపకూడని చోట, గడువు తేదీతో అర్హతను ముడిపెట్టిన నోటిఫికేషన్లలో, సగం కాదు కదా ఒక్కటి తగ్గినా దరఖాస్తు నిలవదు. అక్కడ ఎంపిక చేసేవారికి కూడా సడలించే అధికారం ఉండదు. సంస్థ తన ఇష్టప్రకారం రాసుకున్న జాబితా వేరు. తన ముందున్నది వీటిలో ఏదో అభ్యర్థి మొదట తేల్చుకోవాలన్న హెచ్చరికగా మీ అనుభవాన్ని ఇక్కడ ఉంచడం మంచిదే.

కొత్త విశ్లేషకుడు

పనులు ఇవి: ఆలస్యమైన డెలివరీలపై వారవారం నివేదిక తయారుచేయడం, శాఖల మేనేజర్లు అడిగిన వివరాలను డేటాబేసు నుంచి తీసి ఇవ్వడం, డాష్‌బోర్డులను నిర్వహించడం, డేటాలో తప్పులు కనిపెట్టి సరిచేయించడం, వచ్చే మూడు నెలల గిరాకీని అంచనా వేయడం. నాకు లేనివి: మూడేళ్ల అనుభవం, పైథాన్, గిరాకీ అంచనా, క్లౌడ్ డేటా వేర్‌హౌస్, మెషిన్ లెర్నింగ్, రవాణా రంగంతో పరిచయం. ఎస్‌క్యూఎల్, స్ప్రెడ్‌షీట్లు, డాష్‌బోర్డులు, నివేదికలు రాయడం, అధికారులకు వివరించడం, డిగ్రీ నాకు ఉన్నాయి. ఇప్పుడు బీమా క్లెయిముల విభాగంలో ఉన్నాను. అంతకుముందు రెండేళ్లు అకౌంట్స్ సహాయకుడిగా నెలవారీ నివేదికలు చేశాను.

దరఖాస్తులు వడపోసే సభ్యురాలు

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మీరు రాసిన అయిదు పనులలో మొదటి నాలుగూ ఎస్‌క్యూఎల్, డాష్‌బోర్డులతో నడిచేవే. మెషిన్ లెర్నింగ్ అర్హతల్లో ఉంది కానీ పనుల్లో ఎక్కడా కనబడదు, దాన్ని నేను కోరికగానే చదువుతాను. పైథాన్ పేరు కూడా పనుల్లో లేదు, అయిదో పనికి ఉపయోగపడవచ్చు. క్లౌడ్ వేర్‌హౌస్ కూడా ఎస్‌క్యూఎల్ వచ్చినవారికి కొద్ది వారాల్లో చేతికి వచ్చేదే. రవాణా రంగం తెలియకపోవడం అసౌకర్యమే గాని, క్లెయిము ఏ దశలో ఆగిందో వెతికినవారికి సరుకు ఏ దశలో ఆగిందో వెతకడం పూర్తిగా కొత్త పని కాదు. నిజమైన లోటు గిరాకీ అంచనా. తేలవలసింది అనుభవం సంగతి.

ఇక ఉన్న ఆరింటిని కూడా పరీక్షించుకోవాలి, ఎందుకంటే సగం అర్హతలున్నవారికి ఆ సగమే ఆధారం. నేను వడపోత సమయంలో ఫోన్‌లో ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. ఒక పట్టికలో ఆర్డర్లు, మరో పట్టికలో డెలివరీలు ఉన్నాయి, ఇంకా చేరని ఆర్డర్లు ఎన్నో చెప్పాలి. ఎస్‌క్యూఎల్ వచ్చని రాసినవారిలో కొందరు రెండు పట్టికలను `INNER JOIN`తో కలుపుతారు. అలా కలిపితే డెలివరీ వరుసే లేని ఆర్డర్లు ఫలితంలోంచి మాయమవుతాయి, అంటే మనం వెతుకుతున్నవే కనబడకుండా పోతాయి. `LEFT JOIN` వాడి, డెలివరీ వైపు ఖాళీగా ఉన్న వరుసలను లెక్కపెట్టాలి. ఇది తడుముకోకుండా చెప్పగలిగితే మీ ఆరులో ఇది నిజంగా ఒకటి. చెప్పలేకపోతే మీ లెక్క 12లో 5కి దిగింది.

అనుభవం గురించి: దరఖాస్తు ఫారంలో "మీకు 3 ఏళ్ల అనుభవం ఉందా, అవును లేదా కాదు" అన్న ప్రశ్న వస్తే, "కాదు" అన్నవారిని మనిషి చూడకముందే తీసేసేలా అమర్చి ఉండవచ్చు. అందుకే కవరు లేఖ రాయడానికి ముందే ఫారాన్ని చివరిదాకా తెరిచి చూడండి. అబద్ధం మాత్రం పెట్టకండి, పాత యజమానులను విచారించేటప్పుడు బయటపడితే చేతికొచ్చిన ఆఫర్ కూడా వెనక్కి పోతుంది. అకౌంట్స్‌లో చేసిన రెండేళ్లలో నివేదికలు తయారుచేయడమే ప్రధాన పని అయితే, అసలు హోదా పేరుతోనే విడిగా రాసి, ఆ పని ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పండి. 14 నెలలతో కలిపేసి "మూడేళ్ల విశ్లేషకుడు" అని రాయకండి.

నా అభిప్రాయంలో ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేయవచ్చు. గిరాకీ అంచనా పనుల్లో మొదటిదై ఉంటే వద్దనే చెప్పేదాన్ని.

చిన్న జట్టు పెద్ద

నేను పూర్తిగా ఒప్పుకోలేను. మాది ఆరుగురి జట్టు, వచ్చిన ప్రతి దరఖాస్తునూ నేనే చదువుతాను. "కోరికగా చదువుతాను" అంటున్నారు సరే, నేను మూడేళ్లు అని రాసినప్పుడు మూడేళ్లనే అనుకుని రాశాను. పెద్ద సంస్థల్లో కొత్తవారికి నేర్పడానికి ఒకరుంటారు, మా దగ్గర ఎవరూ ఉండరు. అకౌంట్స్‌లో నివేదిక చేయడమంటే ప్రతినెలా ఒకే నమూనాలో అంకెలు నింపడం కావచ్చు. విశ్లేషణ అంటే అంకె ఎందుకు మారిందో కనిపెట్టడం. రెండూ ఒకటే అని రాసినవారిని నేను పిలవను.

అయినా ఒకరిని అలా తీసుకున్నానని కూడా చెప్పాలి. తనకు లేనివి రెండున్నాయని లేఖలో మొదటి పేరాలోనే రాసి, వాటిలో ఒకటి తాను ఎంతవరకు నేర్చుకున్నాడో చూపించాడు. దాచిపెట్టి ఉంటే ఇంటర్వ్యూలో అరగంట అక్కడే పోయేది.

దరఖాస్తులు వడపోసే సభ్యురాలు

అకౌంట్స్ అనుభవం గురించి మీరన్న తేడా సరైనదే, ఆ రెండు వాక్యాల్లో తెలియవలసింది అదే. లేఖ మొదట్లోనే లోటు చెప్పమనడాన్ని మాత్రం అందరికీ సలహాగా ఇవ్వలేను. వందల దరఖాస్తులు వచ్చే చోట మొదటి పేరా చదివేవారికి లోటు ఒక్కటే గుర్తుండిపోతుంది. ప్రతి ఒక్కటీ స్వయంగా చదివే మీలాంటివారికి అది నిజాయితీగా కనిపించవచ్చు. అభ్యర్థికి బయటినుంచి ఆ తేడా తెలియదు, ఇక్కడ మనిద్దరం ఏకీభవించడం కష్టం.

తెగించి పంపేవాడు

హ్యూలెట్ ప్యాకర్డ్ సంగతి సరిచేసినందుకు కృతజ్ఞతలు. ఇంకా నాకు ఒక సందేహం. ఇంత పరిశీలించి ఒక్కటి పంపే సమయంలో నేను అయిదు పంపగలను కదా?

దరఖాస్తులు వడపోసే సభ్యురాలు

పనుల భాగం చదివి అర్హతలతో పోల్చడానికి పదిహేను నిమిషాలు చాలు. వద్దనుకున్న ప్రకటనల మీద ఆ తర్వాత లేఖ రాసే గంట మిగులుతుంది. పూర్తి అర్హతలున్న చోట్లకు మీ పద్ధతి పనిచేయవచ్చు. సగమే ఉన్నచోట, ఉన్న సగం ఆ ఉద్యోగానికి ఎలా అతుకుతుందో రాయకపోతే చదివేవారికి లేని సగమే కనబడుతుంది.

కొత్త విశ్లేషకుడు

ఫారం చివరిదాకా తెరిచి చూశాను. అవును, కాదు అన్న ప్రశ్న లేదు, అనుభవం ఎన్ని నెలలో రాయడానికి ఖాళీ గడి ఉంది. అందులో 14 అనే రాస్తాను. అకౌంట్స్‌లో రెండేళ్లలో చివరి ఎనిమిది నెలలే, ఖర్చు పెరిగిన విభాగాలను వెతికి కారణం రాసిన పని. మిగిలినదంతా జట్టు పెద్దగారు అన్నట్లు నమూనాలో అంకెలు నింపడమే. ఆ ఎనిమిది నెలల గురించే రాస్తాను. గడువుకు ఇంకా ఆరు రోజులుంది. ఈలోగా మా క్లెయిముల డేటాతో గిరాకీ అంచనా లాంటిది ఒకటి చేసి జతపరచాలని అనుకుంటున్నాను.

దరఖాస్తులు వడపోసే సభ్యురాలు

క్లెయిముల డేటా ముట్టుకోకండి. అది మీ యజమానిది, అందులో ఇతరుల వ్యక్తిగత వివరాలుంటాయి. దాన్ని జతపరచిన అభ్యర్థిని చూస్తే రేపు మా డేటాను కూడా ఇలాగే బయటికి తీసుకెళ్తాడని ఎంపికచేసేవారు అనుకుంటారు. అందరికీ అందుబాటులో ఉన్న నెలవారీ అమ్మకాల డేటా ఒకటి తీసుకుని, చివరి మూడు నెలలను పక్కనపెట్టి, మిగతాదానితో ఆ మూడు నెలలను అంచనా వేసి, ఎంత తప్పిందో ఒక పేజీలో రాయండి. తప్పు పెద్దదిగా వచ్చినా దాచకుండా అలాగే పెట్టండి.