పోలీసుల ముందు ఒప్పుకున్నాక కూడా కేసు కొట్టేస్తారా?

మాధవి: టీవీలో చూశాను. హత్య తానే చేశానని పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడట, దాచిన కత్తి కూడా తీసి చూపించాడట. అయినా కోర్టు వదిలేసింది. ఒప్పుకున్నాక ఇంకేం కావాలి?

కిరణ్: సింపులండీ. పోలీసుల ముందు చెప్పింది ఏదీ చెల్లదు, మేజిస్ట్రేట్ ముందు చెప్తే చెల్లుతుంది.

నల్లకోటు: కిరణ్ గారూ, ఆ 'ఏదీ' దగ్గరే చిక్కు. చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ ముక్క మాత్రం చెల్లుతుంది. పులుకూరి కోటయ్య కేసు అని ఒకటుంది. అప్పట్లో మనకు అన్నిటికన్నా పై కోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1946లో ఇచ్చిన తీర్పు, ఇప్పటికీ కోర్టులో రోజూ వినపడే పేరు. అందులో ఒక నిందితుడు పోలీసులతో చెప్పింది టూకీగా ఇది: చెరువు మూల కాపు కాశాం, ఇద్దర్ని కొట్టి చంపాం, మావాడొకడు బరిసె నా చేతికిచ్చాడు, దాన్నీ నా కర్రనీ ఊళ్ళో ఫలానా వాళ్ళ గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను, కోటయ్య చెబితేనే ఇదంతా చేశాం.

ఇంత వాంగ్మూలంలో కోర్టు మిగిల్చింది ఒక్క ముక్క. 'గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను.' చంపామన్నదీ పోయింది, కోటయ్య పేరూ పోయింది. ఎందుకంటే బరిసె దొరకడం వల్ల రుజువయ్యేది, అది అక్కడుందని ఇతనికి తెలుసన్న సంగతి వరకే. దానితో ఎవరు ఎవర్ని పొడిచారో గడ్డివాము చెప్పదు కదా.

మాధవి గారూ, మీరు చూసిన కేసు వివరాలు నాకు తెలియవు. అయితే కత్తి చూపించినంత మాత్రాన హత్య రుజువు కాదు. దాని మీది రక్తం చనిపోయిన మనిషిదేనని తేలాలి, లేదా చూసినవాళ్ళుండాలి. ఆ లింకు తెగితే చేతిలో మిగిలేది కత్తి ఒక్కటే.

పాత ఎస్సై: ముప్పై ఏళ్ళు స్టేషన్లో పనిచేశాను. ఒప్పుకున్నవాళ్ళంతా దెబ్బలకే ఒప్పుకున్నారనుకుంటే ఎలా? రాత్రంతా కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడితే ఏడ్చి చెప్పేసినవాళ్ళను చూశాను. ఉగ్రవాద కేసులకు టాడా చట్టం ఉన్నప్పుడు ఎస్పీ స్థాయి అధికారి రాసుకుంటే చెల్లింది. మామూలు కేసుకి వచ్చేసరికి 1872 సాక్ష్య చట్టం నాటి అనుమానమే.

నల్లకోటు: సార్, మీరు కొట్టారని ఎవరూ అనడం లేదు. ఆ గదిలో ఏం జరిగిందో తర్వాత ఎవరూ తేల్చలేరు, అందుకే చట్టం ఆ తలుపే మూసేసింది. ఆ పాత చట్టంలోని 25, 26, 27 సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌గా ఒకచోటికి చేరాయి, అసలు సంగతి మారలేదు. అయినా మీరన్న 'రాత్రంతా కూర్చోబెట్టి' అన్న మాటే డిఫెన్స్ వాళ్ళు ముందు పట్టుకునేది.

శ్రీను: మా తమ్ముడిని ఫోన్ల దొంగతనం అని తీసుకెళ్ళి మూడు తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. సంతకం ఉంది కాబట్టి శిక్ష పడిపోతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నల్లకోటు: ఆ సంతకంతోనే శిక్ష పడదు శ్రీను గారూ. మీ లాయరు చూడాల్సింది రికవరీ పంచనామా, అంటే ఫోన్లు ఎక్కడ ఎలా దొరికాయో సాక్షుల ముందు రాసిన కాగితం. ఫోన్లు దొరికిన చోటు పోలీసులకు ముందే తెలుసా? తెలిస్తే మీ తమ్ముడు చెప్పడం వల్ల కొత్తగా బయటపడింది ఏమీ లేదు. నలుగురూ తిరిగే చోటైతే అక్కడ ఎవరైనా పెట్టి ఉండొచ్చన్న వాదన నిలుస్తుంది. దాని మీద సాక్షులుగా సంతకం చేసిన మధ్యవర్తులు నిజంగా అక్కడికి వెళ్ళారా, లేక స్టేషన్లోనే సంతకం పెట్టారా అన్నది క్రాస్ ఎగ్జామినేషన్‌లో గట్టిగా అడగాలి. చాలా రికవరీలు అక్కడే కూలిపోతాయి.

కిరణ్: సరే, మేజిస్ట్రేట్ విషయంలో నేనన్నది కరెక్టేగా?

నల్లకోటు: సగం. మేజిస్ట్రేట్ ముందు కూర్చోబెడితే చాలదు. పోలీసులు గదిలో ఉండకూడదు. చెప్పాల్సిన పని లేదని, చెబితే అది నీకు వ్యతిరేకంగా వాడతారని ఆయన ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒప్పుకోనంటే తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు. ఆ భయం పోకపోతే తక్కినవన్నీ లాంఛనాలే. ఆలోచించుకోవడానికి మామూలుగా కనీసం 24 గంటలివ్వాలని 1957లో సర్వన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఇంతా చేశాక అతను మాట వెనక్కి తీసుకుంటే, బలపరిచే ఇంకో సాక్ష్యం కోసం కోర్టు వెతుకుతుంది.

పాత ఎస్సై: ఇప్పుడు సోదా, జప్తు వీడియో తీయాలంటున్నారుగా. మొత్తం విచారణ రికార్డు చేస్తే ఇక అనుమానం ఎందుకు?

నల్లకోటు: వీడియో ఉన్నా పోలీసు ముందు ఒప్పుకోలు ఒప్పుకోలే, 23 దాన్ని రానివ్వదు. రికవరీకి మాత్రం బలమే. రేపు చట్టం మార్చి వీడియో ఒప్పుకోలును అనుమతించాలంటారా, అది వేరే వాదన. కెమెరా ఆన్ చేయకముందు గంటలో ఏం జరిగిందో దాన్ని ఎవరు చెబుతారు?

పాత ఎస్సై: స్టేషన్లో ప్రతి గదికీ కెమెరా పెట్టండి. నేనైతే ఒప్పుకుంటాను.

మాధవి: టీవీ వాడు గడ్డివాము సంగతి చెప్పలేదండీ. తీర్పు కాపీ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, చదువుతాను.